ఇల్లు అద్దెకు ఇవ్వబడును: దస్తావేజు భాష నుంచి ఇంటి మాటలోకి

ప్రశ్న: మల్కాజ్‌గిరిలో మా ఇంటి రెండో అంతస్తు మూడు నెలలుగా ఖాళీగా ఉంది. ప్రకటన పెట్టినా ఫోన్లు పెద్దగా రావడం లేదు, చేసినవాళ్లు ఇల్లు చూడకుండానే వద్దంటున్నారు. నేను పుణెలో ఉంటాను. కింద అమ్మానాన్నలు, మొదటి అంతస్తులో ఆరేళ్లుగా ఒక కుటుంబం అద్దెకు ఉంటున్నారు. ఇంట్లో గాలీ వెలుతురూ బాగుంటాయి. లిఫ్టు లేదు, కారు పెట్టే చోటు లేదు, రైలు చప్పుడు వినిపిస్తుంది. మంజీర నీళ్లు రోజు విడిచి రోజు, బోరు కూడా ఉంది. ఎండాకాలంలో మాత్రం ట్యాంకర్లు కొనాలి. నాన్నగారు రాసిన ప్రకటన కింద ఇస్తున్నాను. అబద్ధం లేకుండా, మనిషి మాట్లాడినట్టు దీన్ని ఎలా మార్చాలి?

"మల్కాజ్‌గిరిలో ఇల్లు అద్దెకు ఇవ్వబడును. రెండు పడక గదులు, రెండవ అంతస్తు. కుటుంబములకు మాత్రమే. అద్దె రూ.15,000, అడ్వాన్సు రెండు నెలలు. అద్దె ప్రతి నెల 5వ తేదీలోపు చెల్లించవలెను, ఆలస్యమైనచో రోజుకు రూ.100 అపరాధ రుసుము. గోడలకు మేకులు కొట్టరాదు. రాత్రి 10.30 తరువాత గేటు తెరువబడదు. అతిథులు యజమాని అనుమతితో మాత్రమే. నీరు దుర్వినియోగము చేయరాదు. ఖాళీ చేయునపుడు రంగుల నిమిత్తము ఒక నెల అద్దె మినహాయించబడును. ఏ సమయమునందైనను తనిఖీ చేయు హక్కు యజమానికి కలదు."

జవాబు:

ఈ ప్రకటన చదివితే నాకు మీ ఇల్లు కనిపించలేదు, ఇంతకుముందు మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు కనిపించారు. ఎవరో గోడ నిండా మేకులు కొట్టారు. ఎవరో అర్ధరాత్రి గేటు తట్టి మీ నాన్నగారి నిద్ర చెడగొట్టారు. ఎవరి చుట్టాలో వారం రోజులకని వచ్చి నెలల తరబడి ఉండిపోయారు. ఎవరో కుళాయి కట్టేయకుండా ఊరెళ్లారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లు అద్దెకు కుదిర్చే పని చేశాను. ఇలాంటి ప్రకటనలు వందల్లో చూశాను. ప్రతి షరతు వెనకా ఒక పాత గొడవ ఉంటుంది. పెద్దాయన ఆ గొడవల్లో నలిగి, ఈసారి ముందే చెప్పేస్తే పీడా పోతుందనుకుని రాసి ఉంటారు. ఆయన బాధ నిజమే. కానీ చదివేవాడు ఆ మేకులు కొట్టినవాడు కాదు. ఇంకా గడప తొక్కని మనిషిని పాత తప్పులన్నిటికీ బాధ్యుడిలా నిలబెడితే అతడు ఫోను ఎందుకు చేస్తాడు?

ఒక లెక్క చూడండి. ఆ ప్రకటనలో ఇంటి గురించి ఉన్నది ఒక ఊరు పేరు, గదుల సంఖ్య, అంతస్తు సంఖ్య. మిగతాదంతా డబ్బు, నిషేధాలు. మీరు నాకు నాలుగు ముక్కల్లో రాసిన ప్రశ్నలోనే ఇంటి గురించి అంతకంటే ఎక్కువ ఉంది. పైగా మొదటి అంతస్తులో ఒక కుటుంబం ఆరేళ్లుగా ఉంటున్నారని మీరు అలవోకగా అనేశారు. ఇల్లు వెతుక్కునేవాడికి అంతకంటే నమ్మకమైన మాట ఇంకొకటి ఉండదు. యజమాని మంచివాడని యజమాని చెబితే ఎవరూ నమ్మరు, పక్క వాటావాళ్లు ఆరేళ్లుగా కదల్లేదంటే నమ్ముతారు. వాళ్లను అడిగి, సరేనంటే ఆ సంగతి ప్రకటనలో పెట్టండి.

ముందుగా ఆ షరతులను మూడు కుప్పలుగా విడదీయండి. మనిషి ఇల్లు చూడడానికి రావాలో వద్దో తేల్చుకోవడానికి కావలసినవి ప్రకటనలో ఉండాలి. వచ్చి చూసేటప్పుడు నోటితో చెప్పుకోదగ్గవి అప్పుడే చెప్పుకోవాలి. గొడవ వస్తే చూసుకోవడానికి కావలసినవి అద్దె ఒప్పందంలో ఉంటాయి. మీరు ఎలాగూ అందరిలాగే పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటారు. ఆలస్యానికి రోజుకు వంద రూపాయల సంగతి ఆ కాగితంలో ఉండవలసిన మాట. ప్రకటనలో "అద్దె నెల మొదటి అయిదు రోజుల్లో" అంటే సరిపోతుంది.

అయితే ఇక్కడ ఒక తప్పు జరుగుతుంది. ప్రకటన మెత్తగా ఉండాలని కొందరు ఇబ్బందికరమైన షరతులన్నీ ఒప్పందంలోకి నెట్టేస్తారు. అడ్వాన్సు ఇచ్చి, లారీ మాట్లాడుకున్నాక సంతకం పెట్టే రోజున అవి బయటపడతాయి. అది మోసం కిందకే వస్తుంది. నేను పెట్టుకున్న కొండగుర్తు ఇది: అద్దెకు వచ్చినవాడి జేబు నుంచి డబ్బు తీసేదైనా, వాడి రోజువారీ నడవడిని మార్చేదైనా ప్రకటనలోనే ఉండాలి. అద్దె వేళకు కట్టేవాడికి తగలని ఆలస్య రుసుము ఒక్కటే దీనికి మినహాయింపు. అందుచేత గేటు, రంగుల ఖర్చు, నీళ్లు ఉండాలి. మేకులు, తనిఖీ, అతిథులు అక్కరలేదు. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను.

గేటుతో మొదలుపెడదాం. "10.30 తరువాత గేటు తెరువబడదు" అన్న మాటను ఎంత తియ్యగా రాసినా అది తెరుచుకోదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఇంట్లో ఎవరో ఒకరికి రాత్రి షిఫ్టు ఉంటుంది, లేదా ఊరి నుంచి వచ్చే రైలు పదకొండింటికి దిగుతుంది. అంటే ఇక్కడ మార్చవలసింది మాటను కాదు, షరతును. నాన్నగారిని అడగండి: గేటు తెరవడం ఇబ్బందా, లేచి వెళ్లి తెరవడం ఇబ్బందా? పదింట తొమ్మిది ఇళ్లలో రెండోదే అసలు సంగతి. రెండో తాళం చెవి చేయించి పైవాళ్లకు ఇస్తే ఆయన లేవనక్కరలేదు. అప్పుడు ఆ వాక్యం దానంతట అదే మారిపోతుంది: "రాత్రి పదిన్నరకు గేటుకు తాళం వేస్తాం, మీకూ ఒక తాళం చెవి ఇస్తాం. ఆలస్యమైతే చప్పుడు కాకుండా తీసుకుని వస్తే చాలు, నాన్నగారు త్వరగా పడుకుంటారు." ఇందులో నిబంధనా ఉంది, దాని కారణమూ ఉంది. కారణం తెలిసిన నిబంధనను జనం పాటిస్తారు. కారణం చెప్పనిదాన్ని పెత్తనం అనుకుంటారు.

ఒకవేళ నాన్నగారు తాళం చెవి ఇవ్వడానికి ససేమిరా అంటే, అప్పుడు గేటు పదిన్నరకు మూస్తామని, మళ్లీ తెల్లవారే తీస్తామని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫోన్లు తగ్గుతాయి. కానీ వచ్చేవాళ్లు తెలిసి వస్తారు.

ఇక నీళ్లు. "నీరు దుర్వినియోగము చేయరాదు" అన్న వాక్యం ఏమీ చెప్పకుండానే భయపెడుతుంది. చదివినవాడు "ఓహో, ఈ ఇంట్లో నీళ్లకు కటకట" అనుకుని పక్క ప్రకటనకు వెళ్లిపోతాడు. నిజానికి మీ పరిస్థితి అంత చెడ్డదేమీ కాదు. చెప్పవలసినవి నాలుగు: మంజీర నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బోరు ఏ నెలల్లో తగ్గుతుంది, పై అంతస్తుకు విడిగా ట్యాంకు ఉందా, ట్యాంకరు కొంటే డబ్బు ఎవరు ఎంత పెట్టుకుంటారు. నగరాల్లో నీటి పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క కడతారు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు. పై వాటాకు విడిగా వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంటే అది దాదాపు రెండు రోజులకు వస్తుంది. మంజీర రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి, సంపులో నీళ్లుండి మోటారు వేళకు వేస్తే మామూలు రోజుల్లో లోటు ఉండకూడదు. మూడు వాటాలకూ ఒకే ట్యాంకు అయితే ఈ లెక్క మారిపోతుంది, అదీ చెప్పాలి. నాన్నగారిని ఒక వారం పాటు ఉదయం మోటారు వేసే ముందు ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి రాయమనండి. ఆ వాటా ఇప్పుడు ఖాళీగా ఉంది కాబట్టి మొదటి అంతస్తు వాడకాన్ని బట్టి అంచనా వేయవచ్చు.

ఎండాకాలం సంగతి దాచకండి. "ఏప్రిల్, మే నెలల్లో బోరు తగ్గుతుంది, ట్యాంకరు తెప్పిస్తాం, ఆ ఖర్చు మూడు వాటాలూ సమానంగా పెట్టుకుంటాం" అని రాస్తే ఎవరూ పారిపోరు. ఈ నగరంలో ఇల్లు వెతికే ప్రతివాడికీ ట్యాంకరు తెలుసు. తెలియనిది, భయపెట్టేది, ఆ బిల్లు రేపు ఎవరి నెత్తిన పడుతుందన్నదే.

రంగుల కోసం ఒక నెల అద్దె పట్టుకోవడం మన దగ్గర బాగా అలవాటైన పద్ధతి. దాన్ని తప్పు పట్టను. కానీ దాన్ని చదివేవాడి వైపు నుంచి లెక్కేయండి. పదకొండు నెలలుండి వెళ్లేవాడికి రూ.15,000 రంగులకు పోతే నెలకు 1,364 రూపాయలు అదనంగా పడ్డట్టు. అంటే వాడి దృష్టిలో మీ ఇంటి అద్దె పదిహేను వేలు కాదు, పదహారు వేల పైచిలుకు. మూడేళ్లుంటే అదే ఖర్చు నెలకు 417 రూపాయలకు దిగుతుంది. మీకు కావలసింది ఎక్కువ కాలం ఉండేవాళ్లే కదా. "రెండేళ్లు దాటి ఉంటే రంగుల ఖర్చు మాదే" అని నాన్నగారు ఒప్పుకోగలిగితే, పది షరతుల కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది. రెండేళ్లు గడిచిన గోడకు ఎవరున్నా రంగు వేయించక తప్పదు కదా! ఆయన ఒప్పుకోకపోతే "ఒక నెల అద్దె" అన్న మాటతో ఊరుకోకుండా "రూ.15,000" అని అంకె వేయండి. అంకె చూసి ఒప్పుకున్నవాడు ఖాళీ చేసే రోజున పేచీ పెట్టడు.

"ఏ సమయమునందైనను తనిఖీ చేయు హక్కు" అన్నది తీసేయండి. ఇది ఎబ్బెట్టుగా ఉండటమే కాదు, చట్టం ఉద్దేశానికి కూడా ఎదురు వెళ్లే మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, అద్దె సరిగా కట్టి, ఒప్పందం ప్రకారం నడుచుకునే అద్దెదారు ఆ గడువంతా ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించవచ్చు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలోనైతే యజమాని లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు చెప్పాలని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా ఆ ఒక్క రోజు మర్యాద బాగుంది. ఒప్పందంలో ఆ మాటే రాసుకోండి. కుళాయి కారుతోందనో, గోడ చెమ్మగిల్లుతోందనో చూడాలంటే ముందు రోజు ఫోను చేసి వెళ్లడం నాన్నగారికీ కష్టమేమీ కాదు.

అదే 108వ సెక్షన్ మొదట్లో యజమానికి చెప్పిన బాధ్యత ఇంకొకటి ఉంది. ఇంటి వాడకానికి అడ్డొచ్చే లోపం ఏదైనా యజమానికి తెలిసి, మామూలుగా చూస్తే అద్దెదారుకు తెలియనిదైతే, దాన్ని చెప్పి తీరాలి. మెట్లు చూడగానే కనిపిస్తాయి. ఎండాకాలంలో బోరు తగ్గడం వానాకాలంలో వచ్చి చూసినవాడికి కనిపించదు. నిజాయితీగా రాయడం మంచితనం కోసమే కాదని నాన్నగారికి చెప్పడానికి ఇది పనికొస్తుంది. ఆయన దస్తావేజు భాష రాయగలిగిన మనిషి, చట్టం మాట వింటారు.

మేకుల సంగతికి నా దగ్గర చిట్కా ఒకటే. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే హాల్లో నాలుగు, పడక గదుల్లో రెండేసి కొక్కేలు డ్రిల్లుతో బిగించేయండి. క్యాలెండరు, గడియారం, దేవుడి పటం, పెళ్లి ఫోటో, ఇంతకంటే ఎవరూ ఏమీ తగిలించరు. సుత్తితో కొట్టిన మేకు చుట్టూ ప్లాస్టరు పెచ్చులూడుతుంది, డ్రిల్లు రంధ్రంలో ప్లాస్టిక్ గొట్టం పెట్టి మర బిగిస్తే గోడ చెడదు. "కొక్కేలు బిగించి ఉన్నాయి, ఇంకా కావాలంటే చెప్పండి" అని ఇల్లు చూపేటప్పుడు నాన్నగారు ఒక మాట అంటే మేకుల షరతు పూర్తయినట్టే. దీన్ని ప్రకటనలో పెట్టనక్కరలేదు.

అతిథుల షరతు ఎవరూ పాటించలేరు. సంక్రాంతికి అత్తగారు వస్తే ఆవిడను గేటు దగ్గర నిలబెట్టి యజమానిని అనుమతి అడుగుతారా? నాన్నగారి అసలు భయం, నలుగురని చెప్పి ఏడుగురు ఉండిపోతారని. దానికి మందు ఒప్పందంలో ఉండేవాళ్ల సంఖ్య రాయడం. ప్రకటనలో "నలుగురైదుగురికి హాయిగా సరిపోతుంది" అంటే సూచన అందుతుంది.

"కుటుంబములకు మాత్రమే" అన్నది మీ ఇష్టం. కుటుంబాలే కావాలనుకుంటే దాచకండి, ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లను రెండు బస్సులు మారి రప్పించి గుమ్మంలోంచి తిప్పి పంపడం కంటే ముందే చెప్పడం మర్యాద. ఒక్కటి మాత్రం ఆలోచించండి. మూడు నెలల ఖాళీ అంటే ఇప్పటికే 45 వేలు పోయింది. ఇద్దరు ఉద్యోగినులో, కొత్తగా పెళ్లయిన జంటో వస్తే నాన్నగారికి నిజంగా అభ్యంతరమా, లేక అందరూ రాస్తారని ఆయనా రాశారా? కులం, తిండి ఆరా తీసే ప్రకటనలూ నేను చాలా చూశాను. మీ నాన్నగారు ఆ జోలికి పోనందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ఇప్పుడు భాష. ఇవ్వబడును, తెరువబడదు, మినహాయించబడును అన్నప్పుడు వాక్యంలో మనిషి ఉండడు. ఎవరు ఇస్తారు, ఎవరు తెరవరు? వలెను, రాదు, కలదు అన్నవి రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చుని దస్తావేజులు రాసేవారి మాటలు, అక్కడ వాటి పని అవి చేస్తాయి. ఇంటి ప్రకటనలోకి మేము, మీరు వచ్చేలా రాయండి, సగం గడ్డకట్టిన భాష అక్కడే కరుగుతుంది. కానీ రెండో వైపుకు మరీ ఒరిగిపోకండి. "స్వర్గంలాంటి ఇల్లు", "ప్రశాంత వాతావరణం" అంటే ఎవరూ పట్టించుకోరు. "మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అన్న మాట మరీ ప్రమాదం. కింద యజమానులు ఉండే ఇంటి విషయంలో ఆ మాట వింటే కొత్త కోడలికి రెండో అత్తగారు దొరికినట్టు వినిపిస్తుంది. మనుషులకు ఆప్యాయత కంటే ముందు కావలసింది వాళ్ల తలుపు వాళ్లు వేసుకోగలగడం. అందుకే మెట్ల దారి వేరే ఉంటే అది రాయండి, ఎన్ని పొగడ్తలు రాసినా దానికి సాటి రావు.

వెచ్చదనం వివరంలో ఉంటుంది. "గాలీ వెలుతురూ బాగుంటాయి" అని ప్రతి ప్రకటనలో ఉంటుంది. వంటింటి కిటికీ ఎటు ఉంది, ఎండ ఎన్ని గంటల దాకా పడుతుంది, బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు, ఇవి రాస్తే చదివే ఇల్లాలికి తన ఉదయం కళ్లకు కడుతుంది. మెట్లు కూడా అంతే. "లిఫ్టు లేదు" అంటే లోపం, "లిఫ్టు లేదు, 38 మెట్లు" అంటే సమాచారం. మోకాళ్ల నొప్పులున్న తల్లి ఉన్నవాడు ఆ అంకె చూసి ఫోను చేయడు, వాడి ఆదివారం వాడికి మిగులుతుంది, మీ నాన్నగారికీ మిగులుతుంది. మెట్ల మలుపు దగ్గర వెడల్పు కూడా టేపుతో కొలవండి. ఫ్రిజ్జు పట్టలేదని సామాన్ల రోజున కింద నిలబడి తిట్టుకున్నవాళ్లను చూశాను.

రైలు చప్పుడు గురించి రాసేముందు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఇంటికి ప్రకటన నేనే రాశాను. పక్క వీధిలో ఫంక్షన్ హాలు ఉంది. ఇల్లు చూపించింది ఆషాఢ మాసంలో, పెళ్లిళ్లు లేవు, అంతా నిశ్శబ్దం. "ప్రశాంతమైన వీధి" అని రాసేశాను. వాళ్లు పదో తరగతి చదివే అమ్మాయి ఉన్న కుటుంబం. శ్రావణం రాగానే బ్యాండు మేళం, బారాత్, అర్ధరాత్రి దాకా టపాకాయలు. దసరా సెలవుల్లో ఖాళీ చేశారు. యజమానికి మళ్లీ రెండు నెలల ఖాళీ, నేను తీసుకున్న కమిషను తిరిగి ఇచ్చేశాను, ఆ అమ్మాయి తండ్రి నాతో ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి ఇంటిని దానికి బాగా చెడ్డ వేళలో చూడమని నేనే చెప్పడం మొదలుపెట్టాను. మీ ఇంటికి ఆ వేళ రాత్రి తొమ్మిది తర్వాత. ఏ గదిలో ఎక్కువ వినిపిస్తుంది, కిటికీ వేస్తే ఎంత తగ్గుతుంది అన్నది మీ అమ్మగారిని పై అంతస్తులో అరగంట కూర్చోబెట్టి తెలుసుకోండి.

ఇదంతా కలిపితే ప్రకటన ఇలా వస్తుంది. మెట్ల సంఖ్య, ట్యాంకు, కిటికీల దిక్కులు, డాబా, స్కూటర్ల చోటు, చప్పుడు ఎక్కువుండే గది, మీటరు, విడి మెట్ల దారి, కరివేపాకు చెట్టు నేను ఊహించి పెట్టినవి. మీ ఇంట్లో ఉన్నదాన్ని బట్టి మార్చుకోండి, లేనిది కొట్టేయండి.

"మల్కాజ్‌గిరిలో రెండు పడక గదుల ఇల్లు అద్దెకు ఉంది. అద్దె రూ.15,000, అడ్వాన్సు రూ.30,000. కుటుంబం కోసం చూస్తున్నాం, నలుగురైదుగురికి హాయిగా సరిపోతుంది.

ఇల్లు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, 38 మెట్లు ఎక్కాలి. మెట్ల దారి బయటి నుంచే, మా వాటాలోకి రానక్కరలేదు. వంటింటి కిటికీ తూర్పుకు ఉంది, ఉదయం తొమ్మిది దాకా ఎండ పడుతుంది. బట్టలు ఆరేసుకోవడానికి పైన డాబా ఉంది. స్కూటర్లు రెండు పెట్టుకోవచ్చు, కారుకు చోటు లేదు.

మంజీర నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, బోరు కూడా ఉంది. మీ వాటాకు విడిగా వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో బోరు తగ్గితే ట్యాంకరు తెప్పిస్తాం, ఆ ఖర్చు మూడు వాటాలూ సమానంగా పెట్టుకుంటాం. కరెంటు మీటరు మీది మీకే.

రైలు పట్టాలు దగ్గర, చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు వైపు పడక గదిలో ఎక్కువ, వెనక గదిలో తక్కువ. పసిపిల్లలున్నవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునేవాళ్లు ఒకసారి రాత్రి తొమ్మిది తర్వాత వచ్చి విని చూడండి, మాకేమీ ఇబ్బంది లేదు.

కింద మేమిద్దరం పెద్దవాళ్లం ఉంటాం. మొదటి అంతస్తులో ఉన్నవాళ్లు ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నారు, ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు వాళ్లతోనూ మాట్లాడవచ్చు. రాత్రి పదిన్నరకు గేటుకు తాళం వేస్తాం, మీకూ ఒక తాళం చెవి ఇస్తాం. పెరట్లో కరివేపాకు చెట్టు ఉంది, కోసుకోవచ్చు.

అద్దె నెల మొదటి అయిదు రోజుల్లో ఇవ్వాలి. రెండేళ్ల లోపు ఖాళీ చేస్తే రంగులకు రూ.15,000 అడ్వాన్సులోంచి పట్టుకుంటాం, రెండేళ్లు దాటితే ఆ ఖర్చు మాదే. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటాం, దాని ప్రతి ముందే చదువుకోవడానికి పంపుతాం. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది లోపు ఫోను చేయండి."

పాతదాని కంటే ఇది పొడవే. పత్రికలో వరుసకు ఇంతని కట్టి వేయించుకునే చిన్న ప్రకటనకైతే మొదటి పేరా, "లిఫ్టు, కారు పార్కింగు లేవు" అన్న మాట, ఫోను నంబరు చాలు. మిగతాది ఫోనులో చెప్పండి. ఫోనులో పెట్టుకునే ప్రకటనకు పొడవు అడ్డు కాదు, అద్దె, ఊరు మొదటి వరుసలో ఉంటే చాలు. మంచివన్నీ ముందు చెప్పి లోపాలను అడుగున కలిపి దాచే పద్ధతి కూడా వద్దు. పైన చూడండి, మెట్లు, కారు, రైలు అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఇంటి గురించి చెప్పుకుంటూ పోతుంటే అవి ఎక్కడ తగులుతాయో అక్కడే రాశాను.

దీనితో ఫోన్లు విపరీతంగా పెరుగుతాయని చెప్పను. కారు ఉన్నవాళ్లు చేయరు, మెట్లు ఎక్కలేనివాళ్లు చేయరు. చేసినవాళ్లలో ఇల్లు చూడడానికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఉంటారు. పది రోజులైనా ఎవరూ చేయకపోతే ప్రకటన మళ్లీ తిరగరాయకండి, మీ వీధిలో అలాంటి ఇళ్లకు ఎంత అద్దె నడుస్తోందో కనుక్కోండి. అప్పుడు తప్పు మాటల్లో ఉండదు, పదిహేను వేల దగ్గర ఉంటుంది.

చివరిగా ఒక పని. గేటుకు వేలాడుతున్న టు-లెట్ బోర్డు మీద ఇంకా పాత షరతులు రాసి ఉంటే దాన్ని దింపేయండి, ప్రకటనలో ఒక మాట, గేటు మీద ఒక మాట ఉంటే వచ్చినవాడు గేటునే నమ్ముతాడు. ఒప్పందం చిత్తు కూడా ప్రకటనతో పక్కపక్కన పెట్టి చదవండి, ఆలస్య రుసుము తప్ప ఇందులో లేని రూపాయి అందులో కనిపించకూడదు. ఇక ఆ రెండో తాళం చెవి, ప్రకటన పెట్టకముందే చేయించండి. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు ముందు దాని గురించే అడుగుతారు.